ముప్ఫై రోజుల గొంతు

తెనాలి, రేపల్లె, బాపట్ల. ఈ మూడు ఊళ్లలో దేన్లోనైనా మీరు గత పాతికేళ్లలో ఒక పూట గడిపి ఉంటే మార్కండేయులు గొంతు విని ఉంటారు. మనిషిని మాత్రం చూసి ఉండరు. ఆటో మీద మైకు కట్టుకుని తిరుగుతూ చీరల సేల్ అన్నా, రేపు మధ్యాహ్నం దాకా కరెంటు ఉండదన్నా, ఊళ్లోకి సర్కస్ వచ్చిందన్నా ఆ గొంతు ఆయనదే. ఇప్పటికీ వంకాయల బండివాడు బ్యాటరీ మైకు పెట్టి, తను మాత్రం బీడీ కాలుస్తూ కూర్చుంటాడే, ఆ మైకులో అరిచేది కూడా మార్కండేయులే. లేత వంకాయలు అని ఆయన అన్నాడంటే ముదురువి కూడా అమ్ముడుపోయేవి.

నా పేరు పూర్ణచంద్రరావు. తెనాలిలో నాది మైక్ సెట్ షాపు. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు కూడా అద్దెకిస్తాను. నాకు కోపం ఎక్కువని బజారంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీండి. ఈ సంగతి చల్లగా చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు.

మార్కండేయులుది చీరాల. మగ్గం నేసే ఇల్లు. మగ్గం చప్పుడు మీదుగా వినపడేలా అరిచి అరిచి వాళ్లింట్లో అందరికీ గొంతులు పెద్దవే అయినా, వీడికి మాత్రం గొంతుతోపాటు తీపి కూడా ఇచ్చాడు దేవుడు. ఒక పెళ్లిలో మా కుర్రాడు జ్వరమొచ్చి పడుకుంటే, "భోజనాలకు దయచేయండి" అన్న ముక్క మైకులో చెప్పడానికి వీణ్ణి ముందుకు తోశారు. వీడు చెప్పాడు. అప్పటిదాకా ఆకలి లేదన్నవాళ్లు కూడా లేచారు. ఆ రోజే పట్టుకున్నాను. కులం వేరైనా, ఊరు వేరైనా నేను బావా అంటే వాడు బావా అనేవాడు. అన్నేళ్లూ అలాగే గడిచింది.

తరవాత వాడు బాపట్లలో ఇల్లు కట్టుకున్నాడు. వెనక గదిలో గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించి, తలుపు సందుల్లో పాత బొంతలు కుక్కి, ఒక కంప్యూటరు, ఒక మైకు పెట్టుకుని దాన్నే స్టూడియో అన్నాడు. మూడు ఊళ్ల వ్యాపారులూ అక్కడికే వచ్చి తమ తమ అరుపులు మైకులో పెట్టే మెమరీ చిప్పుల్లో వేయించుకుని పోయేవాళ్లు. ఊరంతా ఉరుములాగా వినపడే ఈ మనిషి ఇంట్లో మాత్రం నోరు పెద్దది చేసి ఎరగడు. భార్య ఈశ్వరమ్మను "ఏమోయ్" అని పిలిచేవాడు. ఆ పిలుపు పక్క గదికి కూడా వినపడేది కాదు. ఆవిడకు మాత్రం ఎక్కడున్నా వినపడేది.

ఈశ్వరమ్మకు షుగరు. అది కళ్లకెక్కి, ఒకదాని తరవాత ఒకటిగా రెండూ పోయాయి. చదువు మొదట్నించీ లేదు. ఆవిడ లోకమంతా చెవుల్లోనే, అందులోనూ సగం ఆయన గొంతే. మందులేసుకున్నావా అన్నా, అడుగు చూసుకో గడప ఉంది అన్నా, పక్కన కూర్చుని టీవీలో ఎవరు ఏడుస్తున్నారో చెప్పినా అన్నీ ఆ గొంతుతోనే. ఇది మీరు మనసులో పెట్టుకోండి. జరిగిందంతా దీని చుట్టూనే జరిగింది.

మొన్నటి సంవత్సరం చలికాలంలో వాడి గొంతు బొంగురుపోయింది. అరిచి అరిచి అరిగిందిలే అనుకున్నాం. గుంటూరు తీసుకెళితే గొట్టం వేసి చూసి, క్యాన్సరన్నారు. స్వరపేటిక మొత్తం తీసేయాలట. ప్రాణం నిలబడుతుంది, గొంతు మాత్రం ఉండదు అని డాక్టరు మెల్లగానే చెప్పాడు. నేను గది బయటికొచ్చి గోడను గుద్దాను. వాడు మాత్రం ఒక్కటే అడిగాడు.

"సార్, ఆపరేషన్ కి ఎన్నాళ్లు టైం ఇస్తారండి?"

రెండు వారాలు ఇచ్చారు. ఆ రెండు వారాలూ వాడు ఆ గుడ్ల అట్టల గదిలోంచి బయటికి రాలేదు. ఇల్లాలి కోసం మాటలు రికార్డు చేశాడు. ఏమోయ్. కాఫీ తాగావా. మందు వేసుకో. ఇదిగో ఇక్కడే ఉన్నాను. కాలు జాగ్రత్త. ఇంజక్షన్ టైమైంది. అన్నం ఇంకొంచెం పెట్టుకో. ఏంటి ఆలోచిస్తున్నావు? సునీల ఫోన్ చేసింది. భయపడకు, కరెంటు పోయింది. ఇలా వందల ముక్కలు. ఉన్న కాస్త గొంతులో మంచిది వచ్చేదాకా ఒక్కో ముక్క మళ్లీ మళ్లీ చెప్పాడు. వాటిని ముక్కలు ముక్కలుగా కోసి ఫోన్లో బొత్తాల్లాగా పెట్టుకుంటాడట. ఏ మాట కావాలంటే ఆ బొత్తాం నొక్కితే ఆయన గొంతే పలుకుతుంది. చూపు లేని మనిషితో మాట లేని మనిషి మాట్లాడాలంటే ఇంతకంటే దారి నాకైతే తోచలేదు.

"కోసేపని ఇప్పుడే హేమంత్ కి ఇచ్చెయ్ బావా" అన్నాను.

"ఎవరి చేతా కోయించనులే. అందులో ఏది మంచిదో నాకే తెలుస్తుంది. గొంతు పోయినా చెవులుంటాయిగా, ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా చేసుకుంటా" అన్నాడు.

పనివాడి పొగరు. ఆ పొగరు నాకు ఇష్టం కూడాను.

హేమంత్ వాళ్ల అల్లుడు. కూతురు సునీల భర్త. రేపల్లెలో ఉంటారు. అతనిది రైసు మిల్లు ఆఫీసులో కంప్యూటరు పని, ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. అంతకు రెండేళ్ల ముందే మామగారి కంప్యూటరుకు క్లౌడ్ బ్యాకప్ పెట్టించింది హేమంతే. ఇంట్లో వాడుకునేవాళ్ల ప్లాను. అందులో మూడే మూడు పరికరాలు పెట్టుకోవచ్చు. మామగారి కంప్యూటరు, హేమంత్ లాప్‌టాప్, సునీల ఫోను పెట్టారు. ఫైలు మార్చి సేవ్ చేస్తే దాని పాత రూపాన్ని పైన, అంటే ఇంటర్నెట్‌లో, ముప్ఫై రోజులు దాచి ఉంచుతుంది. ఫైలు తీసేస్తే అదీ ముప్ఫై రోజులే. ఏడాది పాటు దాచే పెద్ద ప్లాను కూడా ఉంది. ఇంట్లో మనకెందుకులే అని చిన్నదే తీసుకున్నారు. ఎవరైనా అదే తీసుకుంటారు.

ఆ ప్లాను మీద మార్కండేయులుకు గురి కుదరడానికి కారణం ఉంది. ఒకసారి రేపల్లె బట్టల షాపు అరుపు మీద పొరపాటున చేపల బండి అరుపు సేవ్ చేసుకున్నాడు. షాపువాడు బయట కూర్చుని ఉన్నాడు, వీడికి తల ప్రాణం తోకకొచ్చింది. హేమంత్ ఫోన్లోనే చెప్పాడు, ఫైలు మీద నొక్కి పాత రూపాలు చూడండి మావయ్యా అని. నిన్నటిది, మొన్నటిది అన్నీ వరసగా ఉన్నాయి. మొన్నటిది నొక్కితే బట్టల షాపు తిరిగొచ్చింది. ఆ రోజునుంచి వాడికి అది దేవుడితో సమానం. "పైనుంది బావా, ఏం పర్లేదు" అనడం ఊతపదమైపోయింది. ఆపరేషన్‌కు వెళ్లే ముందు కూడా చివరి ఫైలు పైకి చేరి పక్కన పచ్చ టిక్కు పడేదాకా కంప్యూటరు ముందునుంచి లేవలేదు. టిక్కు పడ్డాక దణ్ణం పెట్టి లేచాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. వాడింకా ఆస్పత్రిలో ఉండగానే బాపట్ల ఇంట్లో వాళ్లమ్మ పోయింది. వయసు మీరిన ముసలమ్మ, నిద్రలోనే పోయింది. పోవడం తప్పులేదు గానీ పోయిన నక్షత్రం ధనిష్ఠ. మీకు తెలియంది కాదు. ధనిష్ఠలో పోతే ఇల్లు ఆరు నెలలు పాడుబెట్టాలి. తాళం వేసి అందరూ బయటికి పోవాలి, దీపం పెట్టకూడదు, గడప తొక్కకూడదు. తొక్కితే ఆ ఇంట్లో ఇంకో ప్రాణం పోతుందంటారు. ఇంకో ప్రాణం అంటే ఎవరిదో వేరే చెప్పాలా? ఆస్పత్రిలో మెడకు కన్నం పెట్టించుకుని పడుకున్నవాడొకడు ఉండనే ఉన్నాడు.

కర్మ చిన్నాన్న కొడుకు చేశాడు. అది కాగానే ఈశ్వరమ్మ అన్న దగ్గరుండి సామాన్లు సర్దించాడు. బట్టలు, వంట సామాను, బియ్యం బయటపెట్టారు. హేమంత్ ఆస్పత్రికొచ్చి అడిగాడు. నేను పక్కనే ఉన్నాను.

"మావయ్యా, కంప్యూటర్ కూడా తెచ్చేయమంటారా?"

మార్కండేయులు పలక అందుకుని రాశాడు. *వద్దు. కదిపితే పాడవుద్ది. పైనుంది కదా.*

నేను కూడా తలూపాను. పైనుంది కదా మరి. ఇంటికి తాళం పడింది. తాళంచెవి ఈశ్వరమ్మ బొడ్లో దోపుకుంది.

ధనిష్ఠ ఇంటివాళ్లకు అద్దెకివ్వడానికి చాలామంది జంకుతారు. నేను జంకలేదు. తెనాలిలో మా ఇంటి కింది వాటా ఖాళీ చేయించి ఇద్దర్నీ తెచ్చిపెట్టాను. తరవాత రేడియేషన్ మొదలైంది. వారాల తరబడి గుంటూరు తిరగడమే. మెడంతా కమిలిపోయి, మింగలేక, నీరసంతో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మెడకు ఆనించి మాట్లాడే మిషనొకటి తెచ్చారు గానీ, తోలు గట్టిపడిపోయి అది పట్టలేదు. టైపు చేస్తే చదివే ఫోను యాప్ హేమంత్ పెట్టిచ్చాడు. అదేమో ఆడగొంతు. ఈశ్వరమ్మ విని, "రైల్వే స్టేషన్ ఆవిడ మనింట్లోకి ఎందుకొచ్చిందండీ?" అంది. నవ్వులాటకే అంది గానీ ఆయన మొహం మాడిపోయింది. ఇంకో గొంతుతో నా పెళ్లాంతో మాట్లాడను అని పలక మీద రాసి, దాన్ని తీయించేశాడు. రమ్మంటే ఒక చప్పట, వద్దంటే రెండు. అంతే వాళ్ల సంసారం. ఆవిడ ఒక్కతే మాట్లాడేది. అడిగి అడిగి, జవాబు రాక, తనే జవాబు చెప్పుకునేది.

"కొన్నాళ్లేలే అన్నయ్యగారూ. ఆ మాటలు ఫోన్లోకి వచ్చేస్తే చాలు" అనేది నాతో.

రేడియేషన్ అయింది. కాస్త కూడు తిని తేరుకున్నాడు. ఒక ఆదివారం హేమంత్, సునీల రేపల్లె నుంచి వచ్చారు. ఇవాళ దించుకుందామని మార్కండేయులు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఈశ్వరమ్మ తలలో పూలు పెట్టుకుంది. నిజమండీ, పూలు పెట్టుకుంది.

హేమంత్ లాప్‌టాప్ తెరిచాడు. చూశాడు. మళ్లీ చూశాడు.

"సునీలా, మావయ్య కంప్యూటర్ ఏదీ ఇందులో?"

మూడు పరికరాలే కనపడుతున్నాయి. హేమంత్ లాప్‌టాప్, సునీల ఫోను, మామగారికి కొత్తగా కొన్న ఫోను. కంప్యూటరు లేదు.

సునీల తెల్లబోయింది. తరవాత ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. రేడియేషన్ మొదలైన కొత్తలో, నాన్న కొత్త ఫోన్లో ఆస్పత్రి రిపోర్టుల ఫోటోలు ఉంటే, పోతాయేమోనని దాన్ని కూడా ప్లానులో చేర్చబోయింది. మూడూ నిండిపోయాయి, ఒకటి తీసేస్తేగానీ ఇంకోటి పట్టదు అని తెర మీద వచ్చింది. జాబితాలో ఒకటి బూడిద రంగులో ఉంది. పేరేమో డెస్క్‌టాప్ అని, దాని వెనక అర్థంలేని అక్షరాలు, అంకెలు. చాలా రోజులుగా కనెక్ట్ కాలేదు అని పక్కన రాసి ఉంది. హేమంత్ మిల్లులో ఎప్పుడో వాడి వదిలేసిన మిషను అయుంటుందనుకుంది. తీసేయమంది. పరికరం తీసేస్తే దాని బ్యాకప్ కూడా పోతుంది, సరేనా అని అది అడిగింది కూడా. సరే అని నొక్కింది.

"నాన్న కంప్యూటరుకు నాన్న పేరుంటుంది గదా అనుకున్నా..." అంటూ కూలబడిపోయింది.

పేరు ఎవరు పెడతారండీ? కొన్నప్పుడు షాపువాడు ఎలా ఇచ్చాడో అలాగే ఉంది. తాళం పడ్డ ఇంట్లో కరెంటు లేక ఆగిపోయిన కంప్యూటరు బూడిద రంగులో కాక ఏ రంగులో కనపడుతుంది?

హేమంత్ డిలీట్ అయిన ఫైళ్ల చోటు వెతికాడు. ఖాళీ. తీసేసిన రోజునుంచి ముప్ఫై రోజులు అక్కడే ఉన్నాయట. ఆ ముప్ఫై రోజుల్లో ఎవరు అడిగినా తిరిగిచ్చేదట. మేమేమో ఆ రోజుల్లో గుంటూరు బస్సుల్లో తిరుగుతున్నాం. హెచ్చరిక ఉత్తరాలు రెండు హేమంత్ మెయిల్‌కు వచ్చే ఉన్నాయి. ఆఫర్ల చెత్త మధ్యలో తెరవకుండా పడి ఉన్నాయి.

కంపెనీవాళ్లతో చాట్ పెట్టించాను. నేనే పక్కన కూర్చుని తిట్లు చెబుతుంటే హేమంత్ వాటిని మర్యాదగా మార్చి టైపు చేశాడు. జవాబు అంతకంటే మర్యాదగా వచ్చింది. మీ ప్లానులో తొలగించినవి ముప్ఫై రోజులే ఉంచుతాం, గడువు దాటాక మా దగ్గర కూడా ఉండవు, క్షమించండి. ఇప్పుడే పెద్ద ప్లాను తీసుకుంటాం, ఏడాదిది, అప్పుడు తిరిగొస్తాయా అని అడిగించాను. తీసేయకముందు నుంచే ఆ ప్లాను ఉండి ఉంటే వచ్చేవి, ఇప్పుడు తీసుకుంటే ఇకముందు వాటికే పనిచేస్తుంది అన్నారు. ఇంకేమైనా సాయం చేయగలమా అని కూడా అడిగారు. నా నోట వచ్చింది ఇక్కడ రాయలేను.

ఈశ్వరమ్మకు కంప్యూటరు సంగతి తెలియదు గానీ, అందరూ ఊరుకోవడం వినపడింది. "రాలేదా?" అంది. సునీల తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. "నేనే పోగొట్టానమ్మా" అంది. ఆవిడ కూతురి తల నిమురుతూ, "ఊరుకో, నువ్వు కావాలని చేశావా ఏంటి" అంది. ఆ తరవాత తలలో పూలు తీసి పక్కన పెట్టింది.

మార్కండేయులు పలక మీద రాసి నాకు చూపించాడు. *ఇంట్లో ఉంది. అసలుది అక్కడే ఉంది.*

అవును గదా! పైది పోయినా కిందిది ఉంది. బాపట్ల ఎంత దూరం? తాళం తీసి, కంప్యూటరు తీసుకుని, మళ్లీ తాళం వేసేద్దాం. నాకు ప్రాణం లేచొచ్చింది. తాళంచెవి ఇవ్వమ్మా అని ఈశ్వరమ్మ దగ్గర చేయి చాపాను.

"ఇవ్వను అన్నయ్యగారూ" అంది.

"ఇంకా మూడు నెలలాగాలమ్మా! అప్పటిదాకా ఈ చప్పట్లతోనే బతుకుతారా?"

"బతుకుతాం. ఆయన బతికుంటే చాలు."

"ఆయన మాటల కోసమే కదమ్మా, నీ కోసమే గదా!"

"నా కోసం అయితే నాకొద్దు. గొంతు కోసం వెళ్లి మనిషిని పోగొట్టుకోమంటారా?"

నాకు ఒళ్లు మండిపోయింది. నక్షత్రం పేరు చెప్పి సంసారం నాశనం చేసుకుంటున్నావని గట్టిగానే అన్నాను. పోనీ వాడు రాడు, నేనొక్కణ్ణే వెళ్తా, వస్తే నాకే రానీ అన్నాను.

"మీకు మాత్రం పెళ్లాం పిల్లలు లేరా?" అంది. గొంతు పెంచలేదు. బొడ్లో తాళంచెవి మీద చేయి మాత్రం తీయలేదు.

మర్నాడు మార్కండేయుల్ని షాపుకు పిలిచి చెప్పాను. తాళం పగలగొట్టి కొత్తది వేద్దాం బావా, ఆవిడకు తెలియనే తెలియదు అని. వాడు పలక మీద ఏదో రాశాడు, చెరిపేశాడు. కావాలని వాడికెంత ఉందో నాకు కనపడుతూనే ఉంది. చివరికి రాశాడు. *కళ్లు లేనిదాన్ని మోసం చెయ్యను.*



మిగిలిన నెలలు గడిచాయి. ఎలా గడిచాయో నన్నడక్కండి. ఆ మధ్యలోనే వాయుగుండం పట్టింది. బాపట్ల వైపు పల్లపు వీధులన్నీ మునిగాయి. వీళ్ల వీధి కూడా మునిగిందని ఫోన్లొచ్చాయి. కంప్యూటరు పెట్టె నేలమీదే ఉందని మా అందరికీ తెలుసు. ఆ రాత్రంతా కురుస్తూనే ఉంది, కింది వాటాలో ఈశ్వరమ్మ వరండాలో కూర్చుని వింటూనే ఉంది. తాళంచెవి తీసి ఇస్తుందేమోనని నేను మెట్లమీద నిలబడ్డాను. ఇవ్వలేదు.

గడువు తీరాక శాంతి చేయించి తలుపు తీశారు. వాసన గుప్పుమంది. గోడల మీద నీళ్లు నిలిచిన గీత మోకాలెత్తున ఉంది. గుడ్ల అట్టలు నాని ఊడి, కుప్పగా కంప్యూటరు మీద పడి ఎండిపోయి ఉన్నాయి. పెట్టె తీసి వంచితే ఒండ్రు రాలింది. హేమంత్ లోపలి హార్డ్ డిస్కు ఊడదీసి గుడ్డలో చుట్టుకుని విజయవాడ పరిగెత్తాడు. పోయిన డేటా తీసేవాళ్లు ఉన్నారక్కడ. వాళ్లు విప్పి చూసి ఒకటే అన్నారట.

"తడిగా ఉన్నప్పుడే తెచ్చుంటే ఏదో ఒకటి చేసేవాళ్లమండి. లోపల ఎండిపోయింది. రేకుల మీద తుప్పు, మట్టి పట్టేశాయి. ఇంక దీన్లో చదవడానికేం లేదు."

ఆ మాట ఈశ్వరమ్మకు ఎవరం చెప్పలేదు. ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ తరవాత ఆవిడ తాళంచెవి బొడ్లోంచి తీసి కిటికీలో పెట్టేసింది. నేను కూడా ఆవిడ మీద కోపం పెట్టుకోలేకపోయాను. ఆయన బతికే ఉన్నాడు మరి. ఇంటి తాళం తీయనందువల్లే బతికాడని ఆవిడంటే కాదని నేనేం చూపించగలను?

బాపట్ల ఇంటికి వాళ్లు మళ్లీ పోలేదు. నా కింది వాటాలోనే ఉండిపోయారు. బాగుచేయడానికి పనికిరాదని తేలాక ఆ కంప్యూటరును కూడా ఇక్కడికే తెచ్చి వరండాలో పెట్టారు. ఒకరోజు మా వీధిలోకి ఫిన్నీ ఆటో వచ్చింది. ఫిన్నీ పాత సామాన్లు కొనేవాడు. ఆటో మీద మైకు.

"పాత ఇనుము, పాత పేపర్లు, పాడైపోయిన ఫ్యాన్లు, పాత కంప్యూటర్లు కొంటామమ్మా... ఒక్కసారి బయటికి రామ్మా..."

ఈశ్వరమ్మ వంటగదిలో ఉంది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆ గొంతు మార్కండేయులుదే. పదేళ్ల కిందటిది, నిండుగా ఉన్నప్పటిది. తెనాలిలో ఉన్న ఇన్నాళ్లలో ఫిన్నీ మా వీధిలోకి రావడం అదే మొదలు.

కంప్యూటరును ఫిన్నీకే ఇచ్చేశారు. వాడు దాన్ని ఎత్తి ఆటోలో పడేస్తుంటే మార్కండేయులు మైకు వంక చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు హేమంత్‌కు తట్టింది. ఆ చిప్పు అడిగి కాపీ తీసుకున్నాడు. ఆ గొంతునుంచి కొత్త మాటలు పుట్టించే యాప్ ఉందని ప్రయత్నం చేశాడు. వెనక పీపీ చప్పుళ్లు, మైకు కీచు. "ఏమోయ్" అని పలికించి వినిపిస్తే ఈశ్వరమ్మ, "ఎవరండీ ఈయన?" అని పమిట సర్దుకుంది. దాన్ని అంతటితో ఆపేశారు. మిగతా బండ్లవాళ్ల దగ్గర ఉన్నవి కూడా తెచ్చి విన్నాం. వంకాయలు, కొబ్బరిబోండాలు, పాత సామాన్లు. ఫోన్లో మాటలు రికార్డు చేసి పంపే అలవాటు వాడికి ఎప్పుడూ లేదు. ఊరికోసం అరిచినవన్నీ ఊళ్లో ఉన్నాయి. ఇంటికోసం చెప్పినవన్నీ పోయాయి.

మార్కండేయులు రెండు రోజులు చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుని, ఫిన్నీ అరుపులోంచి చివరి ముక్క కోశాడు. అతుకు తెలియకుండా కోశాడు, పనివాడు పనివాడే. అదొక్కటే ఫోన్లో బొత్తాంగా పెట్టుకున్నాడు. నొక్కితే పలుకుతుంది.

"ఒక్కసారి బయటికి రామ్మా."

జన్మలో భార్యను అమ్మా అని పిలవనివాడు. వంటింట్లోంచి గదిలోకి పిలవాలన్నా అదే, మందులకు అదే, పక్కన కూర్చోమన్నా అదే. మొదటిసారి వినగానే ఈశ్వరమ్మ నవ్వి, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. తరవాత అలవాటు పడింది. బొత్తాం నొక్కడం ఆలస్యం, "వస్తున్నానండీ" అంటూ గోడ పట్టుకుని వచ్చేది. వచ్చాక ఎందుకు పిలిచాడో తెలియదు. మందు బిళ్ల చేతిలో పెడితే మందుకనుకునేది. ఏమీ పెట్టకపోతే ఊరికే పిలిచాడనుకుని పక్కన కూర్చునేది.

మొన్న సాయంత్రం నేను వరండాలో పేపరు చూస్తున్నాను. మార్కండేయులు లోపల మంచం మీద ఉన్నాడు. వాడి మెడ కన్నంలో పెట్టిన గొట్టానికి కఫం అడ్డం పడింది. మెడ దగ్గర కన్నం ఉన్నవాళ్లకు అలా అయితే ఊపిరి తిరగదు, ఎవరైనా ఆ గొట్టం తుడవాలి. ఈశ్వరమ్మకు ఆ పని చేతికి వచ్చు. వాడు బొత్తాం నొక్కాడు. అదే సమయానికి వీధి మలుపులో ఫిన్నీ ఆటో తిరిగింది.

"ఒక్కసారి బయటికి రామ్మా!"

లోపలిది చిన్న ఫోను. బయటిది ఊరంతటికీ కట్టిన మైకు. ఈశ్వరమ్మ పెరట్లోంచి, "వస్తున్నానండీ, వస్తున్నా" అంటూ గోడ పట్టుకుని వచ్చి, వాళ్ల గది తలుపు దాటిపోయి, నా పక్కనుంచే వీధి గేటు వైపు నడిచింది. లోపల చప్పట్లు వినపడి నేను పేపరు పారేసి పరిగెత్తాను. గొట్టం తుడిచి, వాడికి ఊపిరి తిరిగి, ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాం. ఆవిడ ఆటో కమ్మీ పట్టుకుని మైకు వైపు మొహమెత్తి నిలబడి ఉంది.

ఫిన్నీ కంగారుపడి మైకు ఆపేశాడు.

"ఏంటండీ, పిలిచి ఆగిపోయారేంటి?" అంటోంది ఈశ్వరమ్మ.